‘సరే సర్’కూ ‘కుదరదు’కూ మధ్య

ఎప్పుడూ సరే అనేవాళ్లనే మెచ్చుకునే మేనేజరు పైకి కనిపించినంత పొగడ్తల మనిషి కాకపోవచ్చు. చాలాసార్లు ఆయనకు నచ్చేది ఆ ‘సరే’ కాదు, ఆ మాట విన్నాక తనకు దొరికే నిశ్చింత. పైనుంచి ఒక పని వచ్చి ఆయన నెత్తిన పడుతుంది. దాన్ని ఎవరో ఒకరి చేతిలో పెట్టేదాకా ఆ బరువు ఆయనదే. మారు మాట్లాడకుండా తీసుకున్నవాళ్లు ఆ క్షణంలో ఆయన బరువు దించినట్టే. రేటింగు ఇచ్చేటప్పుడు ఆయనకు గుర్తొచ్చేది ఆ ఊరటే. ఇది అర్థమైతే, అదనపు పనిని కాదనడంలో అసలు చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. కాదన్న పని తిరిగి ఆయన నెత్తిమీదకే వెళ్తే బంధం చెడుతుంది. పని తీసుకోకపోయినా ఆయన తలలోని చింత తగ్గితే అంతగా చెడదు.

ఈ వ్యవహారాన్ని బాగా చూడగలిగే చోటు హైదరాబాద్ ఐటీ సేవల కంపెనీ. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో కూర్చున్న బృందం అమెరికాలోని ఒక క్లయింటు కోసం పనిచేస్తుంది. అమెరికా తూర్పు తీరానికీ మనకూ తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. అక్కడ శుక్రవారం మధ్యాహ్నం ఎవరో తాపీగా పంపిన మెయిలు ఇక్కడికి శుక్రవారం రాత్రి చేరుతుంది. అక్కడివాళ్లు సోమవారం ఉదయం మాట్లాడుకుందాం అంటే ఇక్కడ అది సోమవారం సాయంత్రం. ఈ మధ్యలో ఉన్నది శనాదివారాలు. క్లయింటుకు ‘వారాంతం పోయాక’ అనిపించిన గడువు, ఇక్కడి మేనేజరుకు ‘వారాంతంలో ఎవరు చేస్తారు’ అనే ప్రశ్నగా మారుతుంది. క్లయింటు ముందు ఆయన కాదనలేడు. ఆయన పైఅధికారి ముందూ కాదనలేడు. సరే అనే అలవాటు ఒక్క ఉద్యోగితో మొదలైంది కాదు, పైనుంచి మెట్టు మెట్టుగా దిగి వచ్చింది.

ఏడాది చివర రేటింగులు తేలే గదిలోనూ ఇదే కనిపిస్తుంది. చాలా కంపెనీల్లో మేనేజర్లందరూ ఒకచోట కూర్చుని తమ తమ మనుషుల గురించి మాట్లాడతారు. పై రేటింగులు కొద్దిమందికే దక్కుతాయి. కాబట్టి ఒక్కొక్కరి తరఫున వాదించడానికి మేనేజరుకు దొరికేది రెండు మూడు నిమిషాలు, రెండు మూడు వాక్యాలు. ‘ఏ పనిచ్చినా కాదనడు’ అనేది ఆ గదిలో చెప్పడానికి సులువైన వాక్యం. పన్నెండు నెలల పని వివరాలు ఎవరికీ గుర్తుండవు గాని ఈ వాక్యం గుర్తుంటుంది. అందువల్ల కాదనడం నేర్చుకునే ఉద్యోగి ఆ వాక్యం స్థానంలో మరో వాక్యాన్ని ఆయన నోటికి అందించాలి. అలాంటి వాక్యాల్లో బలమైనది ఒకటే: ‘ఒప్పుకుంటే చెప్పిన రోజుకు ఇస్తుంది.’ వినడానికి చప్పగా ఉన్నా, క్లయింటు ముందు పరువు పోతుందేమోనని భయపడే మేనేజరుకు ఇంతకన్నా విలువైన మనిషి దొరకదు.

అన్నిటికీ సరే అనేవాళ్లు ఈ రెండో వాక్యాన్ని నిలబెట్టుకోలేరు. దీనికి కారణం బద్ధకం కాదు, లెక్క. ఒక్కరే కూర్చున్న కౌంటరును ఊహిస్తే విషయం తేలిగ్గా తెలుస్తుంది. మనుషులు వాళ్లకు తోచినప్పుడు వస్తుంటారు, ఒక్కొక్కరి పనికి పట్టే సమయం కూడా ఒకేలా ఉండదు. వరుసల గణితం ప్రకారం, కౌంటరులో కూర్చున్న మనిషి సమయంలో 80 శాతం నిండితే, వచ్చినవారు సగటున ఒక పనికి పట్టే సమయానికి నాలుగు రెట్లు వేచి ఉంటారు. 90 శాతం నిండితే తొమ్మిది రెట్లు. 95 శాతానికి అది పంతొమ్మిది రెట్లు. అంటే 80 నుంచి 95కు పెరిగిన పని కొంచెమే, పెరిగిన ఎదురుచూపు దాదాపు అయిదింతలు. ఉద్యోగి వారం కూడా ఈ కౌంటరు లాంటిదే. వారం నిండుగా ఉన్నప్పుడు తీసుకున్న ‘చిన్న పని’ అదొక్కటే ఆలస్యం కాదు, దాని వెనుక నిలబడ్డవన్నీ ఆలస్యమవుతాయి. మేనేజరుకు మాత్రం ఆ చిన్న పని ఒక్కటే కనిపిస్తుంది.

దీనికి తోడు మనిషి తన పనికి పట్టే సమయాన్ని చాలాసార్లు తక్కువగానే అంచనా వేస్తాడు. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ అనే మనస్తత్వవేత్తలు 1994లో ప్రచురించిన పరిశోధనలో, పరిశోధన పత్రం రాస్తున్న విద్యార్థులను అది ఎన్ని రోజుల్లో ముగుస్తుందని అడిగారు. వాళ్ల సగటు అంచనా సుమారు 34 రోజులు. నిజంగా పట్టింది సుమారు 55. ‘రెండు మూడు గంటల పనేగా’ అని మేనేజరు అన్నప్పుడు ఆయన అబద్ధమాడటం లేదు. తాను చేయని పనికి అంచనా వేస్తున్నాడు, అంతే. ఆ అంచనాకు అక్కడికక్కడే తలూపితే మాత్రం అది ఉద్యోగి ఇచ్చిన మాటగా మారిపోతుంది.

ఇక మాట దగ్గరికి వస్తే, తెలుగువాళ్లకు కాదనడానికి పదాలు తక్కువేమీ లేవు. కానీ వాటిలో సగం ఆఫీసులో పనిచేయవు. ‘చూద్దాం’ అని పైవాడు అంటే కాదని అర్థం. అదే మాట కిందివాడు అంటే ఒప్పుకున్నాడని అర్థం. ‘ట్రై చేస్తాను సర్’ కూడా అంతే. అన్నవాళ్లు దాన్ని తప్పించుకునే దారిగా వాడతారు, విన్నవాళ్లు జాబితాలో టిక్కు పెట్టుకుంటారు. సోమవారం సాయంత్రం ‘మరి చేస్తానన్నావుగా’ అనే మాట పుట్టేది ఇక్కడే. కాదన్నందుకు చెడిన బంధాల కన్నా, కాదనలేక ‘చూస్తాను’ అన్నందుకు చెడినవే ఎక్కువ ఉంటాయి. ముందే కాదని ఉంటే మేనేజరుకు మరో మనిషిని వెతుక్కునే సమయం ఉండేది. చివరి గంటలో తెలిస్తే అదీ ఉండదు.

మిగిలిన పదాల్లోనూ తేడాలున్నాయి. ‘చేయను’ అంటే అది ఇష్టానికి సంబంధించినది, ధిక్కారంలా వినపడుతుంది. ‘చేయలేను’ అంటే చేతకాదని చెప్పుకున్నట్టు ఉంటుంది, రేటింగుకు అదీ మంచిది కాదు. ‘కుదరదు’ అనే మాటలో మాత్రం మనిషి కనిపించడు, పరిస్థితి కనిపిస్తుంది. ఇష్టం లేకపోవడం గాని, శక్తి లేకపోవడం గాని అందులో వినిపించవు. అంతకన్నా పదునైనది ‘కావాలంటే’ అనే వాక్యనిర్మాణం. ‘అది సోమవారానికి కావాలంటే ఇది మంగళవారానికి జరగాలి’ అన్న వాక్యంలో కాదు అనే మాటే లేదు. అయినా ఉచితంగా సరే అనడం కూడా లేదు. నిర్ణయం తిరిగి మేనేజరు చేతికి వెళ్తుంది, కానీ దాన్ని తేల్చుకోవడానికి కావలసిన సమాచారంతో సహా వెళ్తుంది. బరువు దించమని వచ్చిన మనిషికి బరువు తిరిగి ఇవ్వకుండా, దాన్ని మోయడానికి రెండు పిడులు చూపించినట్టు ఉంటుంది.

ఇది ఎలా నడుస్తుందో ఒక నమూనా సందర్భంలో అంకెలతో చూడవచ్చు. ఒక బృందంలో ఏడేళ్ల అనుభవమున్న డెవలపరు ఉంది. గురువారం సాయంత్రం నాలుగింటికి మేనేజరు ఆమె సీటు దగ్గరికి వస్తాడు. “చిన్న పనే. సోమవారం సాయంత్రం క్లయింట్ కాల్‌కి ఒక డెమో కావాలి. రెండు మూడు గంటలు పట్టొచ్చు. నువ్వయితే నాకు టెన్షన్ ఉండదు” అంటాడు. చివరి వాక్యం పొగడ్త. కాదనడం కష్టమయ్యేది అక్కడే.

ఆమె అప్పటికప్పుడు సరే అనదు, కాదనీ అనదు. మొదట అడుగుతుంది. “ఎన్ని గంటలకి సర్ కాల్? చూసేది ఎవరు? నడిచే స్క్రీన్ కావాలా, బొమ్మల్లో చూపిస్తే సరిపోతుందా?” ఆయన చెప్తాడు: “ఆరున్నరకి. వాళ్ల వైపు కొత్త డైరెక్టర్ వచ్చాడు, మనం ఏం చేయగలమో ఆయనకి చూపించాలి. నడవాలా వద్దా అనేది వాళ్లేం చెప్పలేదు.” ఈ మూడు ప్రశ్నలకు ఒక నిమిషం పట్టింది, కానీ పని సగం చిక్కిపోయింది. పైనుంచి దిగే పని ఒక్కో మెట్టు దగ్గరా కాస్త ఉబ్బుతుంది. క్లయింటు ‘ఏదైనా చూపించగలరా’ అంటే, ఇక్కడికి వచ్చేసరికి అది ‘పూర్తి డెమో’ అవుతుంది. ఎవరికి, ఎప్పటికి, ఎంతవరకు అని అడగకపోతే ఆ ఉబ్బు మొత్తాన్ని ఉద్యోగే మోస్తుంది. తరువాత ఆమె అంటుంది: “అరగంటలో లెక్క చూసుకుని చెప్తాను సర్.” ఈ అరగంట ముఖ్యమే, కానీ దాన్ని రేపటికి సాగదీయకూడదు. ఎదురుచూసేంతసేపు మేనేజరు మనసులో ఆ పని ఆమెకు ఇచ్చేసినట్టే ఉంటుంది.

ఆమె లెక్క ఇలా ఉంది. శుక్రవారం సాయంత్రానికి పేమెంట్ బిల్డును టెస్టింగ్ బృందానికి అప్పగించాలి. అందులో ఇంకా ఏడు గంటల పని ఉంది. జూనియర్ల కోడు చూడటం, ఒక కాల్, ఒకటి రెండు సపోర్ట్ టికెట్లు కలిపి మరో రెండున్నర గంటలు. అంటే శుక్రవారం సాయంత్రం లోపు తొమ్మిదిన్నర గంటల పని. చేతిలో ఉన్నది గురువారం రెండు గంటలు, శుక్రవారం ఎనిమిది. మిగిలేది అరగంట. సోమవారం తొమ్మిదింటికి మొదలుపెడితే భోజనం పోను సాయంత్రం ఐదున్నర దాకా ఎనిమిది గంటలుంటాయి. రెండు గంటలు కాల్స్‌కీ టెస్టింగులో బయటపడే తప్పులకీ పోతాయి. ఆరు మిగులుతాయి. శుక్రవారం మిగిలిన అరగంట కలిపితే ఆరున్నర. ఇక డెమో సంగతి: నడిచే స్క్రీనుకు ఆరు గంటలు, స్లైడ్లకు మూడు, ఒకసారి సరిచూసుకోవడానికి ఒకటి, మొత్తం పది. లోటు మూడున్నర గంటలు. నడిచే స్క్రీను బదులు స్క్రీన్‌షాట్లతో సరిపెడితే ఆరు గంటల చోట రెండు చాలు. అప్పుడు మొత్తం ఆరు గంటలు, ఉన్న సమయంలో పడుతుంది.

నాలుగున్నరకు ఆమె మేనేజరు దగ్గరికి వెళ్తుంది. “సర్, నడిచే డెమో కావాలంటే పది గంటల పని ఉంది. నా దగ్గర ఆరున్నర గంటలే ఉన్నాయి. శుక్రవారం బిల్డ్ ఇస్తామని మాటిచ్చాం. దాన్ని కదపొద్దంటే స్క్రీన్‌షాట్లతో ప్రెజెంటేషన్ చేసి సోమవారం ఐదున్నరకల్లా మీకిస్తాను. నడిచేదే చూపించాలంటే బిల్డ్ మంగళవారం మధ్యాహ్నానికి వెళ్తుంది, టెస్టింగ్ వాళ్లకి ఇప్పుడే చెప్పాలి. ఏది చేద్దాం సర్?”

ఈ అయిదారు వాక్యాల్లో ‘నాకు పని ఎక్కువగా ఉంది’ అనే మాట ఎక్కడా లేదు. ఆ మాట ఆ అంతస్తులో కూర్చున్న ప్రతివాళ్లూ అంటారు, మేనేజరు కూడా అంటాడు. అందుకే అది ఎవరి చెవికీ ఎక్కదు. ‘ఆరున్నర గంటలున్నాయి, పది కావాలి’ అన్నది మాత్రం వాదనకు దొరకదు. కావాలంటే ఆ పది ఎలా వచ్చిందని ఆయన అడగవచ్చు. ఆమె విడగొట్టి చెప్పగలదు, అడిగితే చెప్పగలగాలి కూడా. బిల్డు గురించి ‘ఇస్తానన్నాను’ అనకుండా ‘మాటిచ్చాం’ అనడమూ ఊరికే కాదు. ఆ గడువు ఆయన పరువుకు సంబంధించినదే అని అది గుర్తు చేస్తుంది. దారులు రెండే ఇవ్వడం కూడా మంచిదే. అయిదు దారులు చూపిస్తే తేల్చుకునే పని మళ్లీ ఆయనకే పెరుగుతుంది.

ఇలాంటి సందర్భంలో చాలామంది మేనేజర్లు స్క్రీన్‌షాట్ల దారి పట్టుకుంటారు. కొందరు మూడో దారి వెతుకుతారు. “వీకెండ్‌లో కాస్త చూడొచ్చుగా?” ఇక్కడే తప్పులు ఎక్కువగా జరుగుతాయి. మొహమాటపడి కారణాలు పేర్చడం మొదలవుతుంది. అత్తగారు వస్తున్నారు, బాబుకు జ్వరం, ఊళ్లో పెళ్లి. కారణం చెప్పిన ప్రతిసారీ మేనేజరు దాన్ని పరిష్కరించడానికి పూనుకుంటాడు. పెళ్లి ఉదయమే కదా, సాయంత్రం లాగిన్ అవ్వొచ్చంటాడు. ఊరికి లాప్‌టాప్ తీసుకెళ్లమంటాడు. మూడు కారణాలు చెప్తే మూడింటిలో బలహీనమైనదాని మీదే చర్చ నడుస్తుంది. ఆ కారణం కల్పితమైతే మరీ ప్రమాదం. ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లు ఒకే కాలనీల్లో ఉంటారు, ఒకే మాల్‌లో కనిపిస్తారు. “శనివారం నాకు కుదరదు సర్, సోమవారం తొమ్మిదింటికే మొదలుపెడతాను” అని ఊరుకోవడం మొదట్లో మొరటుగా అనిపించవచ్చు. చెప్పాక వచ్చే రెండు మూడు క్షణాల నిశ్శబ్దాన్ని భరించాలి. దాన్ని మాటలతో నింపాలనే తొందరలోనే చాలా శనివారాలు పోతాయి.

శనివారం పని చేయడమే తప్పని కాదు. ప్రొడక్షన్‌లో డబ్బు కదిలే వ్యవస్థ ఆగిపోతే ఆ రోజు ఎవరైనా కూర్చోవలసిందే, అలాంటప్పుడు కాదన్నవాళ్లను బృందం కూడా క్షమించదు. కానీ అడిగిన మొదటి శనివారం ఉచితంగా ఇచ్చేస్తే రెండోది అడగకుండానే లెక్కలో చేరిపోతుంది. ఇచ్చేటప్పుడే ఎన్ని గంటలో, బదులుగా ఏ రోజు సెలవో అనుకుంటే అది అరుదైనదిగానే మిగులుతుంది.

ఆ సంభాషణ ముగిశాక మరో చిన్న పని ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. తేలిన విషయాన్ని రెండు వాక్యాల్లో రాసి పంపడం. ‘మాట్లాడుకున్నట్టు, స్క్రీన్‌షాట్ల ప్రెజెంటేషన్ సోమవారం 5:30కి, పేమెంట్ బిల్డ్ శుక్రవారమే, మార్పు లేదు.’ ఇది సాక్ష్యం కోసం కాదు. మేనేజరు ఆ రోజు ఇలాంటివి ఇంకో ఏడు మాట్లాడి ఉంటాడు, సోమవారానికి ఆయనకు గుర్తుండేది తాను మొదట అడిగింది మాత్రమే. పైఅధికారినీ ఇతరులనూ కాపీలో పెట్టి పంపితే మాత్రం అదే సందేశం ఫిర్యాదులా మారుతుంది. అలాగే పదిమంది ఉన్న వాట్సాప్ గ్రూపులోనో, మీటింగులో అందరి ముందో కాదనడం వద్దు. అక్కడ ఆయనకు పని కన్నా మాట నెగ్గడం ముఖ్యమవుతుంది. “కాల్ అయ్యాక మాట్లాడతాను సర్” అని వాయిదా వేసి, పది నిమిషాల్లో విడిగా మాట్లాడితే అదే మేనేజరు వేరే మనిషిలా వింటాడు.

రాత్రి వచ్చే సందేశాల సంగతి వేరు. లారా గియుర్జ్, వనెస్సా బాన్స్ 2021లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పనివేళలు దాటాక వచ్చిన అత్యవసరం కాని మెయిళ్లకు పంపినవాళ్లు ఆశించే దానికన్నా తొందరగా జవాబివ్వాలని అందుకున్నవాళ్లు అనుకుంటారు. రాత్రి పదకొండింటికి మెయిలు పంపిన మేనేజరు చాలాసార్లు తన తల ఖాళీ చేసుకుంటున్నాడు, అంతే. ‘సరే సర్, ఇప్పుడే చూస్తాను’ అని పదకొండూ పదికి జవాబొస్తే ఆయన అడగని ఒక అలవాటును ఉద్యోగే ఆయనకు నేర్పినట్టు అవుతుంది. ‘రేపు ఎన్నింటికల్లా కావాలి సర్?’ అని ఒక్కసారి అడిగితే తేలిపోతుంది.

అదనపు పనుల్లో ఇంకో జాతి ఉంది. అవి గంటల లెక్కలో చిన్నవే, కానీ రేటింగు గదిలో వాటి పేరు రాదు. మీటింగు వివరాలు రాయడం, కొత్తగా చేరినవాళ్లకు లాప్‌టాపులు, అనుమతులు ఇప్పించడం, ఆఫీసులో బతుకమ్మకో సంక్రాంతికో ముగ్గులు, బహుమతులు, భోజనాల ఏర్పాటు. లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు పరిశోధకులు 2017లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో ప్రచురించిన ప్రయోగాలు వీటి గురించే. ఎవరో ఒకరు చేయాలి, చేసినవాళ్లకే నష్టం అనేలా పని పెట్టినప్పుడు, ఆడామగా కలిసిన గుంపుల్లో మహిళలు పురుషుల కన్నా సుమారు 48 శాతం ఎక్కువగా ముందుకొచ్చారు. పని అడిగే మనిషిని పెట్టినప్పుడు మహిళలను 44 శాతం ఎక్కువగా అడిగారు. అడిగితే మహిళలు 76 శాతం సార్లు ఒప్పుకున్నారు, పురుషులు 51 శాతం. అయితే పూర్తిగా పురుషులే ఉన్న గుంపుల్లో ఆ పని ఆగిపోలేదు, వాళ్లే చేశారు. అంటే అది స్వభావం కన్నా, ఎవరు చేస్తారని అందరూ అనుకుంటున్నారో దాని ఫలితం. ఇలాంటి పనుల్లో గంటల లెక్క చెప్పి కాదనడం చిల్లరగా వినిపిస్తుంది. వరుస పెట్టమనడం మేలు. “ఈ నెల నేను రాస్తాను సర్, వచ్చే నెల నుంచి ఒక్కొక్కరం రాద్దాం, పేర్ల లిస్టు నేనే పెడతాను.” ఇందులోనూ ఆయన బరువు దిగుతుంది. ‘ఫలానా అతనికి ఇవ్వండి’ అని అడగకుండా పక్కవాడి పేరు చెప్పడం మాత్రం మేనేజరుతో బంధాన్ని కాపాడి పక్కవాడితో చెడగొట్టుకోవడమే.

ఇలా కాదనడం చెల్లుబాటు కావాలంటే ఎదుటి పళ్లెంలో కొన్ని సరేలు కూడా ఉండాలి. కాదనడం నేర్చుకున్న కొత్తలో కొందరు అన్నిటికీ లెక్కలు తీస్తారు. అయిదు నిమిషాల పనికీ ‘దేన్ని జరపమంటారు?’ అని అడిగే మనిషిని ఏ మేనేజరూ ఎక్కువ కాలం ఓర్చుకోడు. ప్రతి వారం మూడు నాలుగు గంటలు ఎవరికీ మాటివ్వకుండా అట్టే పెట్టుకోవడం దీనికి విరుగుడు. ఆ గంటల్లో వచ్చే సరేలు లెక్కలు లేని సరేలు. వాటిని మేనేజరు మీదకు పైనుంచి నిజంగా ఒత్తిడి వస్తున్న పనులకు ఖర్చు పెట్టాలి. ఆయన సొంత లక్ష్యాల్లో ఏవి ఉన్నాయో, ఆయన పైఅధికారి ఏ అంకె గురించి పదే పదే అడుగుతున్నాడో తెలిసినవాళ్లకు ఇది కష్టం కాదు. పది చిల్లర పనులు కాదని, అలాంటి ఒక్కటి ముందుగా అందుకున్న మనిషిని ‘కాదనే మనిషి’ అని ఎవరూ అనరు.

ఇక్కడ ఒక మొండి గోడ అడ్డురావచ్చు. రెండు దారులూ విని మేనేజరు “అన్నీ ముఖ్యమే, మేనేజ్ చెయ్యి” అంటాడు. దీనికి వాదన పనికిరాదు, వరుస పనికొస్తుంది. “సరే సర్. నేను ఈ వరుసలో చేస్తాను: ముందు బిల్డ్, తర్వాత ప్రెజెంటేషన్, నడిచే స్క్రీన్ సమయం మిగిలితే. వరుస మార్చాలంటే రేపు పదింటిలోపు చెప్పండి.” ఆయన తేల్చని నిర్ణయాన్ని ఆమె తేల్చింది, మార్చే అధికారం మాత్రం ఆయన దగ్గరే ఉంచింది. ఆ తరువాత శుక్రవారం మధ్యాహ్నం మరోసారి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలి. నడిచే స్క్రీను అందదని శుక్రవారం మధ్యాహ్నం తెలిస్తే అది సమాచారం, సోమవారం ఆరింటికి తెలిస్తే వైఫల్యం.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకు, ప్రాజెక్టు లేక బెంచి మీద ఉండి కొత్తగా చోటు దొరికినవాళ్లకు లెక్క చెప్పే స్వేచ్ఛ తక్కువ. అమెరికాలో హెచ్-1బి వీసాపై ఉన్న తెలుగువాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. ఉద్యోగం పోతే మరో దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే ఉంటాయి, ఈ సంగతి వాళ్ల మేనేజర్లకూ తెలుసు. అలాంటిచోట పని మొత్తాన్ని కాదనడం కన్నా పరిమాణాన్ని తగ్గించే ప్రశ్నల దగ్గరే ఆగడం తెలివైన పని. ఇక చట్టం: ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వారానికి 48 గంటల హద్దు పెట్టింది. కానీ తెలంగాణలో ఐటీ సంస్థలకు దానిలోని కొన్ని నిబంధనల నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చారు. ఏదేమైనా బంధం నిలుపుకోవాలనుకునే సంభాషణలో చట్టం పేరు ఎత్తితే అది వేరే సంభాషణ అయిపోతుంది.

పద్ధతి పనిచేస్తోందా లేదా అన్నది మేనేజరు మెచ్చుకోలులో కాదు, ఆయన అడిగే తీరులో తెలుస్తుంది. ‘సోమవారానికి ఇచ్చెయ్’ అనే ఆయన ‘ఎప్పటికి ఇవ్వగలవు?’ అనడం మొదలుపెడితే సగం దారి వచ్చినట్టే. ‘దేన్ని ఆపుదాం?’ అని ఆయనే అడిగితే ఇక లెక్క వివరంగా చెప్పే అవసరం కూడా తగ్గుతుంది. దీనికి సాధారణంగా ఒకటి రెండు సార్లు చాలవు, కొన్ని నెలలు పడుతుంది. ఈలోగా ఒప్పుకున్న ఒక్క గడువు కూడా తప్పకూడదు. లెక్క చెప్పి కాదన్న మనిషి లెక్క చెప్పి ఒప్పుకున్నది తప్పితే మొత్తం పేక కూలిపోతుంది.

వ్యతిరేక సూచనలు చడీచప్పుడు లేకుండా వస్తాయి. క్లయింటు కాల్స్‌కు పిలుపు ఆగిపోతుంది. వారం వారం విడిగా మాట్లాడే అరగంట రెండుసార్లు రద్దవుతుంది. మంచి పని పక్కవాడి దగ్గరకు వెళ్లిందని మూడో మనిషి ద్వారా తెలుస్తుంది. అప్పుడు ఆ వారంలోనే, అడగకముందే, ఆయనకు నిజంగా అవసరమైన ఒక చిన్న పని అందుకుని ముగించి చూడాలి. తలుపు తెరుచుకుంటే అది తాత్కాలికమైన అలక. అలా నాలుగైదుసార్లు చేసినా, గడువులన్నీ నిలబెట్టినా రేటింగు మాత్రం రాత్రి పన్నెండుకు జవాబిచ్చేవాడికే వెళ్తుంటే, ఆ మేనేజరుకు నిశ్చింత కన్నా లొంగుబాటే కావాలని అర్థం. అలాంటిచోట కంపెనీ లోపలే మరో ప్రాజెక్టు వెతుక్కోవాలి. అందుకు మేనేజరు విడుదల చేయాలి గనుక, అడిగే సమయం రేటింగులు తేలిన వెంటనే, ఒక రిలీజు ముగిసి తరువాతది ఇంకా మొదలుకాని వారాల్లో. చేతిలో పని సగంలో ఉన్నప్పుడు అడిగితే ఆయన దగ్గర కాదనడానికి మంచి కారణం ఉంటుంది.